మామ్మగారికి: ప్రూఫ్ రీడర్‌గా నా మొదటి నాలుగు నెలలు

నవంబర్ 16

మామ్మగారికి నమస్కారాలు.

ఫోన్ చేసినప్పుడల్లా "ఉద్యోగం ఎలా ఉంది తల్లీ" అని మీరు అడుగుతారు, "బాగుంది మామ్మగారూ" అని నేను అంటాను. మాట అక్కడితో ఆగిపోతోంది. పోయినసారి మాత్రం మీరు ఇంకో ప్రశ్న వేశారు. రోజంతా కూర్చుని పుస్తకాలు చదివితే జీతం ఎందుకిస్తారని అడిగారు. దానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే మొదటి నుంచి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది. అక్షరాలు పెద్దవిగా, వరుసల మధ్య ఖాళీ వదిలి రాస్తున్నాను. కళ్లు అలసిపోతే మిగతాది రేపు చదవండి.

ఈ ఉద్యోగానికి పరీక్ష జూన్ 9న జరిగింది. మొత్తం పదకొండు మందిమి వెళ్లాం. ఇంటర్వ్యూలాంటిదేమీ లేదు. ప్రింట్ తీసిన రెండు పేజీలు, వాటి అసలు రాతప్రతి, ఒక ఎర్ర పెన్ను ఇచ్చి అరగంటలో తప్పులన్నీ గుర్తించమన్నారు. నేను గబగబా చదువుతానని మీకు తెలుసు కదా. పదిహేను నిమిషాల్లో ఒకసారి చదివేసి, మిగిలిన టైమ్‌లో ఇంకోసారి చదివి, అందరికంటే ముందు ఇచ్చి వచ్చాను. చాలా బాగా చేశాననుకున్నాను.

ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులు ఏ కబురూ లేదు. వారం దాటాక ఆశ వదులుకున్నాను. అమ్మ రోజూ సాయంత్రం "ఫోన్ వచ్చిందా" అని అడిగేది. కొన్నాళ్లకు అది కూడా మానేసింది. అడగడం మానేసినప్పుడే నాకు ఎక్కువ బాధేసింది. జూన్ 30న ఫోన్ వచ్చింది, జూలై 7న చేరమన్నారు.

చేరిన రోజే మా సీనియర్ మేడమ్ నా పరీక్ష కాగితాలు నా ముందు పెట్టారు. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్నారు. ఆ రెండు పేజీల్లో వాళ్లు కావాలని పెట్టిన తప్పులు నలభై, నేను పట్టుకున్నవి ఇరవై మూడు. మిగతా పదిహేడింటి కిందా ఆవిడ పెన్సిల్‌తో గీత గీసి ఉంచారు. రెండుసార్లు చదివి కూడా నేను వాటిని చూడలేదు. "పాఠం అర్ధం కాలేదు" అని ఉంది, హాయిగా దాటిపోయాను. ధ ఒత్తుతో రాస్తే అర్ధం అంటే సగం. పొట్టలో చుక్క ఉన్న థ రాస్తేనే అర్థం అంటే భావం. రెండూ ఉన్న మాటలే కాబట్టి కంప్యూటర్ కూడా దాన్ని తప్పుగా చూపించదు. మీరైతే నా పలక మీద అది కనిపించగానే తుడిచేసేవారు.

మరి నన్నెందుకు తీసుకున్నారని అడిగేశాను. ఇంకొకరు ముప్ఫై ఒకటి పట్టుకున్నారట, కానీ తప్పు కాని చోట్ల ఎనిమిదింటిని దిద్దారట. నేను లేని తప్పు ఒక్కటీ దిద్దలేదు. "చూడకుండా వదిలేసేవాళ్లకి చూడటం నేర్పచ్చు. రచయిత రాసిన మాట నచ్చక మార్చేసేవాళ్లకి నేర్పడం చాలా కష్టం" అన్నారు మేడమ్.

శిక్షణ మూడు నెలలు. ఆ మూడు నెలలూ సగం జీతమే అని చేరేటప్పుడే చెప్పారు. గది అద్దె, బస్సు పోగా చేతిలో దాదాపు ఏమీ మిగలదని లెక్క వేసుకునే చేరాను.

మొదటి నెలంతా కాపీ చదవడమే నా పని. అంటే రాతప్రతి నా చేతిలో ఉంటుంది. పుస్తకం అచ్చు వేసే ముందు తప్పులు చూడటానికి తీసే ప్రింటును ప్రూఫ్ అంటారు, అది మేడమ్ చేతిలో ఉంటుంది. నేను పైకి చదువుతుంటే ఆవిడ వరుస వెంట పెన్ను జరుపుతూ వింటారు. ఇది తేలికని అనుకున్నాను. మొదటి పేరా చదవగానే ఆపేసి, "నువ్వు కథ చెప్తున్నావు. నాకు కథ వద్దు, కాగితం మీద ఏముందో చెప్పు" అన్నారు. కామా ఉంటే కామా అనాలి. ఫుల్‌స్టాప్, కొత్త పేరా, కొటేషన్ మొదలు, కొటేషన్ ముగింపు అన్నీ నోటితో చెప్పాలి. అక్షరాలు కూడా అంతే. మన నోట్లో కథ, కధ ఒకలాగే పలుకుతాయి కాబట్టి ప్రతిసారీ "కథ, పొట్టలో చుక్క" అనాలి. శ, ష దగ్గరా ఏది ఉందో విడమరిచి చెప్పాలి. అంకెలైతే ఒక్కొక్కటిగా చదవాలి. గంటకు పదిహేను పేజీలు కూడా సాగేవి కావు. మూడో రోజుకు గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ల ఫ్లాస్కు ఒకటి కొనుక్కుని టేబుల్ మీద పెట్టుకున్నాను, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ నెలలోనే ఇంకో సంగతి తెలిసింది. తప్పంటూ లేని చోట కూడా పని ఉంటుంది. నీళ్లు అని రాయచ్చు, నీళ్ళు అనీ రాయచ్చు. రాసాడు అనేవాళ్లు ఉన్నారు, రాశాడు అనేవాళ్లు ఉన్నారు. ఏదైనా ఫరవాలేదు కానీ ఒకే పుస్తకంలో రెండూ ఉండకూడదు. అందుకని ప్రతి పుస్తకానికీ ఒక కాగితం పెట్టుకుంటాం. మొదటి పేజీల్లో రచయిత ఏది రాశారో చూసి ఆ కాగితం మీద రాసుకుని, చివరిదాకా దాన్నే పట్టుకుని వెళ్తాం. మనుషుల పేర్లు కూడా అందులో రాసుకోవాలి. ఒక నవలలో హీరోయిన్ అన్నయ్య పేరు నూట పదో పేజీకి వచ్చేసరికి మారిపోయింది. రచయితకి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆగస్టు 8 నుంచి నాకు సొంతంగా ప్రూఫులు ఇవ్వడం మొదలుపెట్టారు. పుస్తకం మా దగ్గర మూడుసార్లు చదవబడుతుంది. మొదటి ప్రూఫ్‌ను రాతప్రతితో పోల్చి ప్రతి మాటా చూస్తాం. దిద్దిన తప్పులను డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు కూర్చే చోట, సరిచేసి రెండో ప్రూఫ్ ఇస్తారు. అందులో మనం పెట్టిన గుర్తులన్నీ సరిచేశారా లేదా చూడాలి. మూడోదాంట్లో పేజీ నంబర్లు, విషయసూచిక, పైన వచ్చే శీర్షికలు చూసి, ప్రింట్ చేయవచ్చని సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టినవాళ్లే బాధ్యులు.

రోజుకు ఇరవై, ఇరవై ఐదు పేజీలు చదివేదాన్ని. రెండు వారాలకే సాయంత్రమయ్యేసరికి అక్షరాలు రెండుగా కనిపించడం మొదలైంది. టెన్షన్‌తో డాక్టర్ దగ్గరికి వెళ్తే, దగ్గర చూపుకి చిన్న పవర్ ఉంది, ఇన్నాళ్లూ తెలియలేదంతే అన్నారు. కళ్లజోడుకి మొదటి జీతంలో మూడో వంతు పోయింది. ఇంట్లో చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇప్పుడు రాయడానికి కష్టమైన చోటికి వచ్చాను.

ఆగస్టు 18న నాకు నలభై ఎనిమిది పేజీల చిన్న పుస్తకం ఇచ్చారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాక మందులు ఎలా వాడాలో, గాయాన్ని ఎలా శుభ్రం చేసుకోవాలో చెప్పే పుస్తకం. మధ్యలో ఒక పెద్ద పట్టిక ఉంది. ఎడమవైపు మందుల రకాలు, పైన పెద్ద అక్షరాల్లో రెండు శీర్షికలు: "భోజనానికి ముందు", "భోజనం తర్వాత". మొదటి ప్రూఫ్‌లో పట్టిక మొత్తం సరిగ్గా ఉంది. శీర్షిక అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి, లావు చేయమని పక్కన రాశాను. 25న రెండో ప్రూఫ్ వచ్చింది. అక్షరాలు లావు అయ్యాయా అని చూశాను, అయ్యాయి, టిక్ పెట్టాను. 27న ప్రింట్ చేయవచ్చని సంతకం పెట్టాను. నా మొదటి సంతకం. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

సెప్టెంబర్ 2 మధ్యాహ్నం బైండింగ్‌లో షీట్లు మడిచే పెద్దాయన చేతిలో ఒక షీటు పట్టుకుని మా గది గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆయన పెద్దగా చదువుకోలేదు. కూడబలుక్కుని చదువుతారు. ఆ షీటు నాకు చూపించి, "అమ్మా, భోజనానికి మందు ఏమిటి?" అని అడిగారు.

నేను చూశాను. మామ్మగారూ, ఆయన చెప్పాక కూడా నాకు అక్కడ "ముందు" అనే కనిపించింది. ఆయన వేలు పెట్టి చూపించాకే మ పక్కన కొమ్ము లేదని తెలిసింది. "భోజనానికి మందు." లావు అక్షరాల కోసం డీటీపీలో ఆ శీర్షికను మళ్లీ టైప్ చేశారు, అప్పుడు ఒక కొమ్ము పోయింది. నేను లావు అయిందా లేదా అన్నదే చూశాను కానీ, అది మళ్లీ టైప్ అయిన మాట, కొత్త మాటగా చదవాలి అనుకోలేదు.

మామూలు కథల పుస్తకమైతే ఒక కొమ్ము పోయినా చదివేవాళ్లు సర్దుకుంటారు. ఇది ఇంట్లో ఒంట్లో బాగాలేనివాళ్లు చూసి మందు వేసుకునే పట్టిక. ఆ శీర్షిక చూస్తే తినే ముందు వేసుకోవాలో, తింటూ వేసుకోవాలో తెలియదు. పదహారు పేజీలు కలిపి ఒక ఫారం అంటారు, ఒక్కో ఫారం ఒక్కో పెద్ద షీటు మీద రెండు వైపులా ముద్రిస్తారు. పట్టిక ఉన్న ఫారం అప్పటికే మూడు వేల షీట్లు ముద్రించేశారు. మూడు వేలూ పక్కన పడేసి, ప్లేటు మళ్లీ చేసి, మళ్లీ ముద్రించారు. పుస్తకం నాలుగు రోజులు ఆలస్యమైంది. పాడైన షీట్ల కట్టలు గోడ పక్కన వారం రోజులు ఉన్నాయి. నేను రోజూ వాటి పక్క నుంచే నా టేబుల్ దగ్గరికి వెళ్లాలి.

జీతంలో కోస్తారని భయపడ్డాను. కోయలేదు. కానీ అక్టోబర్ 6తో అయిపోవాల్సిన శిక్షణ ఇంకో నెల పొడిగించారు, అంటే ఇంకో నెల సగం జీతం. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు చెయ్యి వణికింది. రాత్రి గదికి వచ్చి, ఈ పని నాకు రాదు, వదిలేస్తానని అమ్మకి మెసేజ్ టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను.

మర్నాడు మేడమ్ నన్ను కూర్చోబెట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "నీకు చదవడం ఎవరు నేర్పారు? ఎలా నేర్పారు?"

మీ గురించి చెప్పాను. మీకు గుర్తుందో లేదో, నాకు ఆరేళ్లప్పుడు మీ అరుగు మీద కూర్చుని మొదటి రోజు వాచకంలో ఒక పాఠం మొత్తం చదివి వినిపించాను. ఎక్కడా ఆగలేదు. మీరు పూర్తిగా విని, మెచ్చుకుని, "ఇప్పుడు చివరి మాట నుంచి వెనక్కి చదువు" అన్నారు. నేను బిక్కమొహం వేశాను. బడిలో అందరం కలిసి పాడినట్టు చదివేవాళ్లం కాబట్టి నాకు పాఠం నోటికొచ్చేసింది. బొమ్మ చూసి పేజీ గుర్తుపట్టి అప్పజెప్పేదాన్ని. నాకు అప్పటికి పదిహేను అక్షరాలు కూడా సరిగ్గా తెలియవు. ఆ సంగతి అమ్మకి తెలియదు, టీచరుకి తెలియదు, మీరు ఒక్క మాటతో పట్టుకున్నారు. తిట్టలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

మర్నాడు సాయంత్రానికి పాత నోటుపుస్తకం అట్ట కోసి, మధ్యలో బ్లేడుతో చిన్న కిటికీ చేసి తెచ్చారు. దాన్ని పేజీ మీద పెడితే ఒక్క అక్షరమే కనిపిస్తుంది. మొదట చేసిన కిటికీ మరీ చిన్నదైపోయింది. ఒత్తులు అట్ట కింద దాక్కుని, "అక్క" నాకు "అక" లాగా కనిపించింది. మీరు నవ్వి, కింద ఇంకొంచెం కోశారు. తర్వాత పైన గుడులు కూడా కనిపించాలని పైనా కోశారు. ఆ కిటికీలోంచే నేను వు, మ రెండూ వేరని చూశాను. వు కి కొమ్ము కింది నుంచి వస్తుంది, మ కి పక్కనే ఉంటుంది, అని మీరు నా వేలు పట్టుకుని గీయించారు. ఎండాకాలం సెలవులన్నీ అలాగే గడిచాయి. సెలవులు అయ్యేసరికి అట్ట అంచులు మెత్తబడిపోయాయి.

మేడమ్ అంతా విని, "మరి ఆ అట్ట ఎప్పుడు పక్కన పెట్టావు?" అన్నారు.

చదవడం వచ్చాక పక్కన పెట్టాను. అందరమూ అంతే కదా. ఆవిడ చెప్పింది ఏమిటంటే, చదువు బాగా వచ్చినవాళ్ల కన్ను ప్రతి అక్షరం మీదా ఆగదట. గెంతుకుంటూ వెళ్తుంది. నాలుగు అక్షరాలు చూసి మాట ఊహిస్తుంది, రెండు మాటలు చూసి మూడోది ఊహిస్తుంది. ఎంత బాగా చదివేవాళ్లయితే అంత దూరం గెంతుతారు. "భోజనానికి" అని చూడగానే నా బుర్ర "ముందు" అని వేసేసుకుంది. కన్ను ఆ మాట మీద వాలినా, ముందే అనుకున్నది కనిపించింది. పెద్ద అక్షరాల శీర్షికల్లో ఇది ఇంకా ఎక్కువట, అంత పెద్దగా ఉన్నదాంట్లో తప్పు ఉండదని మనసు ముందే నిశ్చయించుకుంటుంది. బైండింగ్ పెద్దాయన మం దగ్గర ఆగి, దు దగ్గర ఆగి, కలుపుకుని చదివారు కాబట్టి ఆయనకు ఉన్నదే కనిపించింది.

ఆరేళ్లప్పుడు నేను బొమ్మ చూసి పాఠం అప్పజెప్పినట్టే, ఇప్పుడు "భోజనానికి" చూసి "ముందు" అప్పజెప్పాను. అప్పుడు మీరు పట్టుకున్నారు, ఇప్పుడు ఆయన పట్టుకున్నారు. ఇది తట్టినప్పుడు మేడమ్ ముందే ఏడ్చేశాను. సిగ్గుతో కొంత, మీరు గుర్తొచ్చి కొంత.

ఆ రాత్రే అట్ట కోసుకున్నాను. మీ అట్టకి ఒక అక్షరమే, నా అట్టకి ఒక వరుస కనిపించేలా పొడవు కిటికీ. నేనూ మీలాగే మొదటిసారి సన్నగా కోసేసి, కింద ఒత్తులు దాక్కుంటే మళ్లీ కోశాను. నల్ల అట్ట అయితే తెల్ల కాగితం మీద కళ్లకి హాయిగా ఉంటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు వాడేది నల్లదే.

పద్ధతి కూడా మారింది. ప్రతి పేజీ రెండుసార్లు చదువుతాను. మొదటిసారి అట్ట పెట్టి, వరుస తర్వాత వరుస, అర్థం పట్టించుకోకుండా అక్షరాలే చూస్తాను. రెండోసారి అట్ట తీసేసి మామూలుగా చదువుతాను. రెండోది ఎందుకంటే, అక్షరాలే చూస్తూ వెళ్తే మధ్యలో ఒక మాట ఎగిరిపోయినా, ఒక వాక్యం రెండుసార్లు పడినా తెలియదు. ఉన్న అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి కదా. అది అర్థంతో చదివినప్పుడే దొరుకుతుంది. మొదట్లో రెండు పనులూ ఒకే చదువులో చేయాలని చూశాను, కుదరలేదు. పది వరుసలు దాటగానే కథ లాక్కెళ్లిపోతుంది.

శీర్షికలు, పట్టికలు, బొమ్మల కింద మాటలు, అట్ట మీద పేర్లు మాత్రం మీరు చెప్పినట్టే చివరి నుంచి వెనక్కి చదువుతాను. పుస్తకం మొత్తం అలా చదవలేం, మూడింతల టైమ్ పడుతుంది. రెండో ప్రూఫ్‌లో నేను గుర్తు పెట్టిన మాటనే కాకుండా, ఆ వరుస, దాని పై వరుస, కింది వరుస కూడా కొత్తగా వచ్చినట్టే చదువుతాను. ఒక తప్పు దొరకగానే అక్కడ ఆగి, అదే వరుసలో ఇంకోటి వెతుకుతాను. తప్పు దొరికిన సంతోషంలో కన్ను తేలికపడి పక్కనే ఉన్న ఇంకో తప్పును వదిలేస్తుంది. ఇది నాకు చాలాసార్లు జరిగింది. నలభై నిమిషాలు చదివి పది నిమిషాలు కిటికీలోంచి దూరంగా చూడాలన్నది మా గది నియమం. ముందు దాన్ని పట్టించుకునేదాన్ని కాదు, ఇప్పుడు పాటిస్తున్నాను.

నేను చదివిన ప్రూఫులు మేడమ్ మళ్లీ చదివి, ఎన్ని వదిలేశానో లెక్క రాసేవారు. ఆగస్టులో వంద పేజీలకు ముప్ఫై ఒకటి. సెప్టెంబర్‌లో పద్దెనిమిది. అక్టోబర్‌లో తొమ్మిది. సున్నా ఎప్పుడవుతుందని అడిగితే, తన లెక్క ఇంకా రెండు దగ్గరే ఉందని, అందుకే ఒక పుస్తకాన్ని ఇద్దరు చదవాలని చెప్పారు.

సెప్టెంబర్‌లో అట్టతో పట్టుకున్నా పోని తప్పొకటి ఎదురైంది. రాతప్రతిలో "సాఫ్ట్‌వేర్" అని ఉంది, ప్రూఫ్‌లో "సాఫ్ట్వేర్" అని ఫ కింద ట ఒత్తుతో పాటు వ ఒత్తు కూడా పడి వచ్చింది. నేను గుర్తు పెట్టాను, సరిచేశామన్నారు, మళ్లీ అలాగే వచ్చింది. మూడోసారి డీటీపీ అన్న దగ్గరికే వెళ్లి కూర్చున్నాను. పొల్లు తర్వాత హల్లు వస్తే కంప్యూటర్ దానంతట అదే ఒత్తుగా కలిపేస్తుందట. కలపకుండా ఉంచాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. ఆయన పెడుతూనే ఉన్నారు, ఫైలు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడల్లా అది రాలిపోతోంది. అప్పటి నుంచి ఇలాంటి ఇంగ్లీషు మాటలన్నీ ఒక చోట రాసుకుని, ఆఖరి ప్రూఫ్‌లో ఒక్కొక్కటీ మళ్లీ చూస్తాను.

అక్టోబర్ 13న మేడమ్ నా టేబుల్ మీద ఒక పిల్లల కథల పుస్తకం పెట్టారు. అరవై నాలుగు పేజీలు, నాలుగు ఫారాలు. పెద్ద అక్షరాలు, పేజీకి ఆరేడు వరుసలు, చివర గుణింతాల పట్టిక. రెండు రోజుల్లో అయిపోతుందని చూసేవాళ్లంతా అనుకుంటారు. నాకు మూడు వారాలు పట్టింది. పెద్ద అక్షరాలు, చిన్న మాటలు, అన్నీ చిన్నప్పటి నుంచి తెలిసినవే, కన్ను గెంతడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. "రాత్రి నాకు మంచి కళ వచ్చింది" అన్న వాక్యాన్ని రెండో చదువులో పట్టుకున్నాను. కల ఉండాలి. "ఏనుగు" ఒకచోట "ఎనుగు" అయింది. విషయసూచికలో రెండు కథల పేజీ నంబర్లు తారుమారయ్యాయి.

గుణింతాల పట్టిక దగ్గర నేను వరుస అట్ట పక్కన పెట్టి, మీ అట్టలాంటిది ఇంకోటి కోసుకున్నాను, ఒక్క అక్షరం కనిపించేది. మ గుణింతంలో మె ఉండాల్సిన గడిలో యె ఉంది. వరుసగా చదివితే "మె, మే, మై" అని నోరు దానంతట అదే పలికేస్తుంది. కిటికీలో ఒంటరిగా కనిపించేసరికి యె అని తెలిసిపోయింది. ఆ పట్టిక చూసి అక్షరాలు నేర్చుకునే పిల్లలు దాన్ని మె అనుకుంటే తర్వాత ఎవరు దిద్దుతారు? ఎర్ర పెన్నుతో దాని చుట్టూ గీసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నవంబర్ 3న సంతకం పెట్టాను. పెట్టే ముందు శీర్షికలన్నీ వెనక నుంచి రెండుసార్లు చదివాను. నవంబర్ 6న శిక్షణ పూర్తయిందని కాగితం ఇచ్చారు. ఈ నెల నుంచి పూర్తి జీతం. 12న పుస్తకం కాపీలు వచ్చాయి. బైండింగ్ పెద్దాయన మొదటి కాపీ తీసుకొచ్చి నా చేతికే ఇచ్చారు.

ఆ కాపీ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. అక్షరాలు కళ్లజోడు లేకుండా కూడా మీకు కనిపిస్తాయి. లోపల రెండు అట్టలు పెట్టాను, ఒకటి వరుసది, ఒకటి అక్షరానిది. కింద ఒత్తులకు చోటు వదిలాను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. పుస్తకం అచ్చయి వచ్చిన రోజు రాత్రి గదిలో మొదటి నుంచి చదువుకుంటుంటే నలభై ఒకటో పేజీలో ఒక తప్పు దొరికింది. నేనూ చూడలేదు, మేడమూ చూడలేదు. మర్నాడే మేడమ్‌కి చెప్పాను, రెండో ముద్రణలో సరిచేద్దామని ఫైల్లో రాసి పెట్టారు. అదేమిటో ఇక్కడ రాయడం లేదు. నలభై ఒకటో పేజీ మీద అట్ట పెట్టి చూడండి. దొరకగానే ఫోన్ చేయండి మామ్మగారూ, ఆదివారం రోజంతా గదిలోనే ఉంటాను.

మీ
పక్కింటి అమ్మాయి